నవంబర్ గడిల 025: కట్టిన ఈఎంఐని లేటని రాసిండ్రు, సరి చేయించుడెట్ల?

గడియారంసెంటర్_సాయి · ఆగస్టు 3, రాత్రి 9:40

అందరికి నమస్తే. మాది నల్లగొండ. ఇంటి లోన్ కోసం మొన్న బ్యాంకుకు పోతే మేనేజర్ సారు నా సిబిల్ తీసి కంప్యూటర్ నా దిక్కు తిప్పిండు. బండి లోన్ కింద నెలనెలకు ఒక గడి ఉన్నది. అన్ని గడులల్ల 000. ఒక్క 2024 నవంబర్ గడిల మాత్రం 025. "ఇది క్లియర్ చేసుకొని రా, అప్పుడు ఫైల్ పెడ్తా" అన్నడు.

జరిగింది చెప్త. ఈఎంఐ 3,180 రూపాయలు, ప్రతి నెల 5 తారీఖు ఖాతాల నుంచి ఆటోమేటిక్‌గా పోతది. ఆ నవంబర్ల జీతం ఒక రోజు లేటయింది, 5న బౌన్స్ అయింది. 6న పొద్దున ఫైనాన్స్ కంపెనీ నుంచి లింక్‌తోని మెసేజ్ వచ్చింది. దాంట్లకెళ్లే యూపీఐ చేసిన. పైసలు కట్ అయినయి. 8 తారీఖు బౌన్స్ చార్జీ 590 కూడ కట్టిన. డిసెంబర్ నుంచి మళ్ల మామూలే. మరి 25 రోజుల లేటు ఎక్కడికెళ్లి వచ్చింది? కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే "సిస్టంలో ఉన్నదే పంపించాం సార్" అంటున్నరు. ఎవరికి రాయాలె, ఏమని రాయాలె?

మిర్యాలగూడ_మల్లేశ్ · ఆగస్టు 3, రాత్రి 10:15

తమ్మీ, నేను రికవరీ లైన్లనే ఆరేండ్లు చేసిన. బౌన్స్ అయింది అని నువ్వే అంటున్నవు. బౌన్స్ అయితే సిబిల్‌ల పడ్తది, అది రైటే. "ఒక్కసారికి క్షమించండి, ఎప్పుడూ ఇట్ల కాలేదు" అని మంచిగ లెటర్ రాయి. మంచి కస్టమర్‌వైతే తీసేస్తరు. లేకుంటే మూడేండ్లు ఆగు, దానంతట అదే కనపడకుండ పోతది.

పాలమూరు_రైతుబిడ్డ · ఆగస్టు 3, రాత్రి 10:52

నాకు గూడ ఇదే బాధ అన్నా. పోయినేడు రుణమాఫీల మా నాయిన పేరు మీద లక్షా నలభై వేలు మాఫీ అయింది. సిబిల్‌ల ఇంక ఓవర్‌డ్యూ అనే చూపిస్తున్నది. ఎవనికి రాయాల్నో చెప్పుండ్రి.

జడ్చర్ల_స్వప్న · ఆగస్టు 4, ఉదయం 7:20

సాయి గారూ, ఎవరికీ దండం పెట్టాల్సిన పని లేదు. సిబిల్ వెబ్‌సైట్‌లో లాగిన్ అయి డిస్ప్యూట్ వేయండి. ఫీజు లేదు. 30 రోజుల్లో చేయకపోతే రోజుకు 100 రూపాయలు మీకే ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ రూల్ ఉంది. నా క్రెడిట్ కార్డ్ లిమిట్ తప్పుగా ఉంటే అట్లనే వేశాను, 18 రోజుల్లో సరిచేశారు. వాళ్లకు రాస్తే చాలు, ఫైనాన్స్ కంపెనీ చుట్టూ తిరగకండి.

దేవరకొండ_పాతమేనేజర్ · ఆగస్టు 4, మధ్యాహ్నం 1:05

నేను బ్యాంకులో లోన్ల సెక్షన్ చూసి రిటైరైన వాడిని. మల్లేశ్, స్వప్న ఇద్దరూ తలా కొంత నిజం చెప్పారు.

మల్లేశ్ గారూ, బౌన్స్ వేరు, ఆ గడిలో పడే అంకె వేరు. ఆ గడి బౌన్స్‌ను లెక్కపెట్టదు. కంపెనీ డేటా పంపే తారీఖు నాటికి బాకీ ఎన్ని రోజులుగా ఆగి ఉందో అదే రాస్తారు. 2024లో ఆ డేటా నెలకు ఒక్కసారి, నెలాఖరు లెక్కతో వెళ్లేది. (2025 జనవరి నుంచి నెలకు ఒక్కసారి కంటే ఎక్కువ సార్లు వెళ్తున్నది. ఇప్పుడు 5న బౌన్స్ చేసుకొని 20న కట్టేవాళ్లు కాస్త జాగ్రత్తగా ఉండాలె.) సాయి 6వ తారీఖే కట్టి ఉంటే నవంబర్ 30 నాటికి బాకీ సున్నా. గడిలో 000 పడాలి.

ఇప్పుడు ఆ 025 ఏం చెప్తున్నదో చూడండి. నవంబర్ 5 నుంచి 30 వరకు లెక్కపెడితే సరిగ్గా 25 రోజులు. అంటే కంపెనీ పుస్తకంలో నెలాఖరు దాకా ఆ ఈఎంఐ అసలు కట్టనట్టే ఉన్నది. ఒక రోజు లేటును పెద్దగ చేసి చూపించింది కాదు, ఆ పైసలు సాయి లోన్ ఖాతాకు చేరనే లేదు. డిసెంబర్ గడి 000 ఉందంటే తర్వాత ఎప్పుడో చేరినయి. మధ్యలో ఎక్కడున్నయో పట్టుకుంటేనే లెటర్ నిలబడ్తది.

స్వప్న గారూ, సిబిల్ లాంటి క్రెడిట్ బ్యూరోకు వేయాల్సిందే. కానీ బ్యూరో మన రసీదు చూసి తీర్పు చెప్పదు. కంపెనీనే అడుగుతది. కంపెనీ "మా రికార్డు కరెక్టే" అంటే బ్యూరో సొంతంగా మార్చడానికి లేదు. మీ కార్డ్ కంపెనీ వెంటనే ఒప్పుకున్నది కాబట్టి మీ పని సులువుగా అయింది.

సాయీ, ముందు కంపెనీ నుంచి లోన్ స్టేట్‌మెంట్ తెప్పించు. ఈఎంఐ షెడ్యూల్ కాదు, ఏ తారీఖున ఎంత జమ అయిందో చూపించేది. నవంబర్ నెల బ్యాంక్ స్టేట్‌మెంట్ కూడ తీసి పక్కన పెట్టు. ఆ రోజు వచ్చిన మెసేజ్‌లు ఫోన్లో ఉన్నయా?

రైతుబిడ్డా, నీది వేరే సమస్య. మాఫీ పైసలు ఖాతాలో పడ్డా మాఫీ పరిమితి పైన వడ్డీ ఏమన్న మిగిలిందేమో, ఖాతా క్లోజ్ చేసిండ్రో లేదో బ్రాంచిలో చూసుకోవాలె. వేరే చర్చ తెరువు, అక్కడ మాట్లాడుదాం.

గడియారంసెంటర్_సాయి · ఆగస్టు 5, సాయంత్రం 6:30

సార్, స్టేట్‌మెంట్ మెయిల్‌కు వచ్చింది. మీరన్నట్టే ఉన్నది. నవంబర్ 5 బౌన్స్, నవంబర్ 8న 590 చార్జీ జమ. 3,180 మాత్రం డిసెంబర్ 2న జమ! బ్యాంక్ స్టేట్‌మెంట్ల నవంబర్ 6నే పోయినయి, 12 అంకెల యూపీఐ నంబర్ కూడ ఉన్నది.

పాత మెసేజ్‌లు చూస్తే ఇంకోటి దొరికింది. లింక్ వచ్చిన మెసేజ్‌ల లోన్ నంబర్ చివర 4471, అది నాదే. కట్టినంక వచ్చిన రసీదు మెసేజ్‌ల చివర 2093 ఉన్నది. అప్పుడు చూసుకోలే. 2093 మా నాయిన పాత బండి లోన్, 2022ల అయిపోయింది. దానికి గూడ నా ఫోన్ నంబరే ఇచ్చినం.

దేవరకొండ_పాతమేనేజర్ · ఆగస్టు 5, రాత్రి 8:10

దొరికింది దొంగ. ఫోన్ నంబర్ ఒకటే కావడంతో వాళ్ల సిస్టం ఆ పైసలను మీ నాయిన ఖాతాకు తగిలించింది. క్లోజ్ అయిన ఖాతాలో జమ కాదు కాబట్టి ఎక్కడా చెందని పైసల పద్దులో 26 రోజులు పడి ఉన్నయి. డిసెంబర్ 2న ఎవరో చూసి నీ ఖాతాకు మార్చిండ్రు. కానీ 6వ తారీఖు వేయాల్సిన చోట మార్చిన తారీఖే వేసిండ్రు. ఆ లోపల నెలాఖరు డేటా పోయింది.

ఇక లెటర్. మల్లేశ్ గారు చెప్పినట్టు క్షమాపణ రాయొద్దు. "దయచేసి తీసేయండి" అంటే లేటయిన మాట ఒప్పుకున్నట్టే, దాన్ని దయ కోరే అర్జీల కట్టలో పడేస్తరు. అట్లని బౌన్స్‌ను దాచొద్దు. దాస్తే మొదటి జవాబులోనే దాన్ని పట్టుకొని తిప్పి కొడ్తరు. ఇంగ్లీషులో రాసుకో, కానీ విషయం ఈ వరుసలో ఉండాలె:

> లోన్ నంబర్ చివర 4471. ఈ ఖాతాకు 2024 నవంబర్ నెలకు మీరు బ్యూరోలకు పంపిన 025 తప్పు. అది 000గా ఉండాలి.
>
> నవంబర్ 5న ఆటో డెబిట్ బౌన్స్ అయింది. నవంబర్ 6న మీరు 4471 ఖాతాకు పంపిన లింక్ ద్వారానే 3,180 రూపాయలు చెల్లించాను. యూపీఐ నంబర్, బ్యాంక్ స్టేట్‌మెంట్ జతపరిచాను. నవంబర్ 8న 590 చార్జీ కూడా చెల్లించాను.
>
> మీ రసీదులో ఆ చెల్లింపు చివర 2093 ఉన్న క్లోజ్ అయిన ఖాతాకు నమోదైంది. మీ స్టేట్‌మెంట్ ప్రకారం డిసెంబర్ 2న నా ఖాతాకు మారింది. నవంబర్ 30 నాటికి నా వైపు నుంచి బాకీ లేదు.
>
> కావున జమ తారీఖును నవంబర్ 6గా సవరించి, 2024 నవంబర్ నెల పాత డేటాను సరిచేసి నాలుగు బ్యూరోలకు పంపి, పంపిన తారీఖుతో నాకు లిఖితపూర్వకంగా తెలియజేయగలరు.

"పాత డేటా" అన్న మాట వదలొద్దు. చాలా చోట్ల కౌంటర్ల పిల్లలు "వచ్చే అప్‌డేట్‌లో సరిపోతుంది" అంటరు. వచ్చే అప్‌డేట్ ఇప్పటి నెలనే మారుస్తది. పోయిన నవంబర్ గడి జోలికి పోదు. దాని కోసం ఆ నెల రికార్డును వేరుగా సరిచేసి పంపాలె.

నాలుగు బ్యూరోలు అంటే ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. మనం అన్నిటిని సిబిల్ అనే అంటం గాని, నీ ఇంటి లోన్ బ్యాంకు రేపు వేరే బ్యూరో రిపోర్ట్ తీయొచ్చు. ఏడాదికి ఒక్కోదాంట్ల ఒక పూర్తి రిపోర్ట్ ఉచితం.

మెయిల్ పంపిన రోజే బ్యూరోలో కూడ డిస్ప్యూట్ వెయ్. రిపోర్ట్ మీద ఉండే కంట్రోల్ నంబర్ అడుగుతది. మొత్తం ఖాతా తప్పు అని కాదు, ఆ ఒక్క నెల మీదే వెయ్. వచ్చిన కంప్లైంట్ నంబర్, తారీఖు రాసి పెట్టుకో. 30 రోజుల లెక్క ఆ రోజు నుంచే.

క్రెడిట్_డాక్టర్_హైద్ · ఆగస్టు 5, రాత్రి 9:02

*[ఫోన్ నంబర్, "5,000కు గ్యారంటీగా 7 రోజుల్లో క్లీన్" అన్న ప్రకటన తొలగించాం. – నిర్వాహకులు]*

జడ్చర్ల_స్వప్న · ఆగస్టు 5, రాత్రి 9:30

వీళ్లు చేసేది కూడా మన పేరు మీద అదే డిస్ప్యూట్ వేయడమే. దానికి మన ఓటీపీ, పాన్ వాళ్ల చేతికి పోవాలి. మా ఆఫీసులో ఒకామె 5,000 పోగొట్టుకున్నది.

మిర్యాలగూడ_మల్లేశ్ · ఆగస్టు 6, ఉదయం 8:45

సారు చెప్పింది చూసినంక నాది గుర్తుకొచ్చింది. బౌన్స్ చార్జీ 590 కట్టకుండ ఒట్టి ఈఎంఐ కట్టినోళ్లకు ఏమైతదంటే, వచ్చిన పైసలల్ల ముందు చార్జీ కోసుకొని మిగిలింది ఈఎంఐకి వేసేవాళ్లు. 590 తక్కువ పడి ఈఎంఐ బాకీ అని నెలాఖరుకు లేటు పడేది. మా కంపెనీల గట్లనే చేసేటోళ్లు. నా సొంత లోన్‌కే పడ్డది, నేనేం చేయలేకపోయిన. సాయి 8న చార్జీ కట్టుడు మంచిదైంది. గిది తప్పా రైటా సార్?

దేవరకొండ_పాతమేనేజర్ · ఆగస్టు 6, ఉదయం 11:20

వచ్చిన పైసలు దేనికి ముందు వేయాలన్నది లోన్ అగ్రిమెంట్లో రాసి ఉంటది. అది చూడకుండ తప్పని నేను అనలేను. నీ అగ్రిమెంట్ల చార్జీ ముందు అని ఉంటే కష్టమే. ఈఎంఐ ముందు అని ఉంటే గట్టిగ అడగొచ్చు. తీసి చూడు.

గడియారంసెంటర్_సాయి · ఆగస్టు 6, రాత్రి 7:50

మెయిల్ పంపిన, డిస్ప్యూట్ వేసిన. రెండింటికి నంబర్లు వచ్చినయి.

గడియారంసెంటర్_సాయి · ఆగస్టు 25, సాయంత్రం 5:15

బ్యూరో నుంచి మెయిల్ వచ్చింది. "రుణదాత సమాచారం సరైనదేనని ధృవీకరించారు, మార్పు చేయలేదు" అట. ఫైనాన్స్ కంపెనీ నుంచి వచ్చింది ఇంక మంచిగున్నది: "4471 ఖాతాకు నవంబర్ నెలలో ఈఎంఐ చెల్లింపు అందలేదు." నేను పంపిన కాగితాలు తెరిచి చూసినట్టే లేదు. మళ్ల కొత్త డిస్ప్యూట్ వేయాల్నా?

దేవరకొండ_పాతమేనేజర్ · ఆగస్టు 25, రాత్రి 9:00

వేయకు. కొత్తది వేస్తే కొత్త నంబర్ వస్తది, నీ ఆగస్టు 6 తారీఖు పోయి 30 రోజులు మళ్ల మొదటి నుంచి లెక్కపెట్టే సాకు వాళ్లకు దొరుకుతది. జవాబు కూడ అదే మనిషి దగ్గర నుంచి వస్తది. ఆయన 4471 ఖాతా తెరుస్తడు, నవంబర్‌లో జమ కనపడదు, "అందలేదు" అని కొడ్తడు. ఆయన స్క్రీన్ మీద అది నిజమే! 2093 ఖాతా తెరవాలని ఆయనకు తోచదు.

ఈసారి గ్రీవెన్స్ రిడ్రెసల్ ఆఫీసర్‌కు రాయి. ఫైనాన్స్ కంపెనీ బ్రాంచిలో ఆయన పేరు, ఫోన్ నంబర్ కనపడేటట్టు పెట్టాలని నియమం ఉన్నది, వెబ్‌సైట్‌లో కూడ ఉంటది. పాత కంప్లైంట్ నంబర్ పైన రాసి, వాదన పెంచకుండ ఒక్క ప్రశ్న అడుగు: "నవంబర్ 6న ఈ యూపీఐ నంబర్ మీద మీకు అందిన 3,180 రూపాయలు డిసెంబర్ 2 వరకు ఏ ఖాతాలో ఉన్నాయి?" రెండు మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు పక్కపక్కన పెట్టు. లింక్‌ల 4471, రసీదుల 2093. ఈ ప్రశ్నకు "అందలేదు" అని జవాబు రాయలేరు.

సెప్టెంబర్ 5కు 30 రోజులు నిండుతయి. ఆ తర్వాత cms.rbi.org.in లో రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు పెడతానని చివర ఒక వాక్యం రాయి, బెదిరింపు లేకుండ. నిజానికి వాళ్లు తిరస్కరించిండ్రు కాబట్టి ఇప్పుడే పెట్టొచ్చు. కానీ నీకు కావాల్సింది ఇంటి లోన్. లోపలి ఆఫీసర్‌తోని అయితే తొందరగ అయితది.

పాలమూరు_రైతుబిడ్డ · ఆగస్టు 26, ఉదయం 6:40

సారూ, బ్రాంచికి పోయిన. మాఫీ పైసలు పడ్డయట గాని వడ్డీ 2,300 మిగిలిందట, అందుకే ఖాతా ఇంక తెరిచే ఉన్నదట. ఎవ్వడు చెప్పలే మాకు.

గడియారంసెంటర్_సాయి · సెప్టెంబర్ 12, మధ్యాహ్నం 2:10

గ్రీవెన్స్ ఆఫీసర్ దగ్గర నుంచి ఈ రోజు మెయిల్ వచ్చింది. చెల్లింపు "మరో ఖాతాకు పొరపాటున మ్యాప్ అయినట్టు" ఒప్పుకున్నరు, జమ తారీఖు నవంబర్ 6కు మార్చినమన్నరు, బ్యూరోలకు సవరణ పంపుతమన్నరు. మెయిల్ తీస్కపోయి బ్యాంక్ మేనేజర్‌కు చూపించిన. "రిపోర్ట్‌లో మారాలి, మెయిల్ చాలదు" అన్నడు.

గడియారంసెంటర్_సాయి · సెప్టెంబర్ 20, ఉదయం 10:30

నిన్న మారింది! నవంబర్ 2024 గడిల 000. మిగతా మూడు రిపోర్టులు గూడ తీసిన. రెండింట్ల మారింది, ఒకదాంట్ల ఇంక 025 ఉన్నది. గా నాలుగో దాంట్ల డిస్ప్యూట్ వేసి ఆఫీసర్ మెయిల్ సంగతి రాసిన.

ఇప్పుడు రోజుకు 100 సంగతి. సెప్టెంబర్ 5 నుంచి 19 దాకా 14 రోజులు, 1,400 అయితది గద?

జడ్చర్ల_స్వప్న · సెప్టెంబర్ 20, ఉదయం 11:05

కచ్చితంగా అడగండి. పరిష్కారమైన 5 పని రోజుల్లో మీ ఖాతాలో వేయాలి. మీరు అడగకపోయినా వాళ్లే వేయాలి.

దేవరకొండ_పాతమేనేజర్ · సెప్టెంబర్ 20, మధ్యాహ్నం 12:40

లెక్క సరే. కంపెనీ ఏమంటదో కూడ ఊహించుకో: "ఆగస్టు 25నే మేము జవాబిచ్చి కంప్లైంట్ మూసేసినం, 30 రోజుల లోపలే." తప్పు జవాబుతో మూసేస్తే అది పరిష్కారమా కాదా అన్నది వాళ్లకూ మనకూ మధ్య తగువు. నా ఉద్దేశంలో కాదు, ఎందుకంటే తర్వాత తప్పు వాళ్లే ఒప్పుకున్నరు. అంబుడ్స్‌మన్ అట్లనే చూస్తరని మాత్రం నేను హామీ ఇవ్వలేను. ఎవరు కట్టాలన్నది కూడ ఉన్నది. కంపెనీ 21 రోజుల లోపల సరైన డేటా బ్యూరోకు పంపకపోతే కంపెనీ కట్టాలె. పంపినా బ్యూరో కూర్చుంటే బ్యూరో కట్టాలె. నీ కేసులో పంపిందే సెప్టెంబర్ 12 తర్వాత, కాబట్టి కంపెనీనే అడుగు.

మిర్యాలగూడ_మల్లేశ్ · సెప్టెంబర్ 20, సాయంత్రం 4:25

అగ్రిమెంట్ తీసి చూసిన సార్. 14వ పేజీల చిన్న అక్షరాలల్ల "ముందుగా చార్జీలు, తర్వాత వడ్డీ, తర్వాత అసలు" అని ఉన్నది. సంతకం నాదే.

గడియారంసెంటర్_సాయి · సెప్టెంబర్ 27, రాత్రి 8:00

1,400 కోసం మెయిల్ పెట్టి వారమైంది, జవాబు లేదు. నాలుగో బ్యూరోల ఇంక 025నే. బ్యాంక్ మేనేజర్ మాత్రం ఫైల్ తీసుకున్నడు, ఆయన తీసే రిపోర్ట్‌ల మారింది కాబట్టి. నాయిన పాత లోన్ల నా నంబర్ తీసేయించి ఆయన నంబర్ పెట్టిచ్చిన.